మోటార్ల కంపెనీ బాట్ రైతుతో ఎట్లా మాట్లాడాలి?

ప్రశ్న: మాది నల్లగొండలో మోటార్లు, స్టార్టర్లు అమ్మి సర్వీసు చేసే చిన్న కంపెనీ. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు రైతులే మా కస్టమర్లు. ఫోన్‌లో మాట్లాడే బాట్ ఒకటి, వాట్సాప్‌లో ఒకటి పెడుతున్నాం. దానికి పేరు, స్వభావం, మాట తీరు ఎట్లా ఖరారు చేయాలి? మన యాసలోనే మాట్లాడించాలా? ఏజెన్సీ వాళ్లు ‘స్నేహపూర్వకంగా, ఉత్సాహంగా, నమ్మకంగా’ అని మూడు మాటలు రాసిచ్చారు. వాటితో ఏం చేయాలో తెలుస్తలేదు.

జవాబు:

ఆ మూడు మాటలు బ్యాంకు బాట్‌కూ సరిపోతాయి, బట్టల కొట్టు బాట్‌కూ సరిపోతాయి. వాటిని చూసి ఒక్క వాక్యం కూడా రాయలేరు. అందుకే పక్కన పెట్టండి.

బాట్ స్వభావం నమస్కారం పెట్టేటప్పుడు తెలియదు. రైతు కంగారులో ఉన్నప్పుడు, మనం చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. నేనైతే పని అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే కాల్స్‌లో కష్టమైనవి ఐదో ఆరో తీసుకుని, మీ కౌంటర్‌లో బాగా మాట్లాడే మనిషి వాటికి ఏమని జవాబు చెబుతాడో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. స్వభావం అందులోనే ఉంటుంది.

ఒక్క కాల్ విడమరిచి చెబుతాను. బాయి మీద త్రీఫేజు మోటరున్న రైతు ఫోన్ చేసి, ‘మోటరు గుంయ్‌మంటుంది గానీ తిరుగుతలేదు’ అన్నాడనుకోండి. మోటార్ల పనిలో ఉన్నవాళ్లకు ఇది వినగానే గుండె ఝల్లుమంటుంది. ఒక ఫేజు పోయి ఉండాలి, లేదంటే పంపు పట్టేసి ఉండాలి. ఏదైనా సరే, మోటరు అట్లాగే ఆన్‌లో ఉంటే వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. నేను చూసిన ఒక బాట్ ఈ మాటకు ఇట్లా జవాబిచ్చింది:

‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం. దయచేసి మీరు నమోదు చేసుకున్న పది అంకెల మొబైల్ నంబరును తెలియజేయగలరు.’

ఒక్కటీ తప్పు మాట కాదు, అంతా మర్యాదే. కానీ అది మర్యాద చేస్తున్నంతసేపూ అక్కడ మోటరు కాలుతూనే ఉంది. మేము దాన్ని ఇట్లా మార్చాం:

‘ముందు మోటరు బంద్ చేయండి. చేసినాక చెప్పండి, నేను లైన్‌లోనే ఉంటాను.’

రైతు ‘చేసిన’ అన్నాక: ‘మంచిది. మళ్లీ ఆన్ చేయకండి, వైండింగ్ కాలుతుంది. స్టార్టర్ డబ్బా మూత తీయకండి. మీది ఏ మండలం?’

సానుభూతి మాట ఒక్కటీ లేదు. అయినా విన్నవాళ్లకు ‘వీళ్లకు పని తెలుసు’ అనిపిస్తుంది. నమ్మకం అంటే ఏజెన్సీ వాళ్లు రాసిన మాట కాదు, ఇది. ఇక్కడ మూడు నిర్ణయాలు జరిగాయి. ప్రమాదమున్నచోట బాట్ ముందు పని చెబుతుంది, వివరాలు తర్వాత అడుగుతుంది. కారణం ఒక్క ముక్కలో చెబుతుంది. మెకానిక్ చేయాల్సిన పని రైతుతో చేయించదు. ఇట్లాంటి నిర్ణయాలు ఒక పేజీ నిండితే చాలు, అదే మీ బాట్ జాతకం. దానికి వయసు, ఇష్టమైన రంగు, చదివిన కాలేజీ రాసే పత్రాలు కొందరు తయారు చేస్తారు. అవి మీటింగ్‌లో బాగుంటాయి, కాల్‌లో ఒక్కటీ పనికిరాదు.

ఆ పేజీలో మొదట రాయాల్సింది బాట్ కుర్చీ ఎక్కడ అన్నది. మీ బాట్ మెకానిక్ కాదు, ఓనరు కాదు, సేల్స్‌మన్ అంతకంటే కాదు. ఫిర్యాదు రాసుకుని మెకానిక్‌ను పంపే కౌంటర్ మనిషి. మోటరు గురించి తెలుసు గానీ, చూడకుండా ‘ఇదే రోగం’ అని తేల్చదు. రీవైండింగ్‌కు ఎంతవుతుందో చెప్పదు, ‘మెకానిక్ చూసి చెబుతారు’ అంటుంది. కరెంటే లేకపోతే అది తన పని కాదని చెప్పి 1912 నంబరు ఇస్తుంది. ఈ హద్దులు గట్టిగా రాయకపోతే, ముఖ్యంగా సొంతంగా వాక్యాలు అల్లే కొత్త రకం బాట్ అయితే, రైతు రెండుసార్లు గట్టిగా అడగగానే ఏదో ఒక రేటు చెప్పేస్తుంది. రేపు ఆ మాట మీద కొట్లాట మీ షాపులో జరుగుతుంది.

ఇక యాస. మీ అసలు ప్రశ్న ఇదేనని నాకు తెలుసు.

వినడానికి పూర్తి యాస కావాలి, ఎంత ఉంటే అంత. ‘పోస్తలేదు’, ‘నడుస్తలే’, ‘ఖరాబైంది’, ‘ఎత్తుకుంటలేదు’, ‘టిక్కుమని కొట్టేస్తుంది’ అన్నవన్నీ బాట్‌కు తెలియాలి. ‘బోరు పోస్తలేదు’ అంటే నీళ్లు రావడం లేదని అర్థం. పుస్తక తెలుగుతో తయారైన బాట్ దాన్ని దేనికి ముడిపెడుతుందో దేవుడికే తెలియాలి. పైగా మీకున్నది ఒక్క యాస కాదు. కోదాడ, హుజూర్‌నగర్ పక్క కృష్ణా జిల్లా మాట కలుస్తుంది. నారాయణపేట, మక్తల్ పక్క కన్నడం కలుస్తుంది. అలంపూర్ దాకా పోతే కర్నూలు మాట వినిపిస్తుంది. పాత కాల్ రికార్డింగులు ఊరూరివి ఒక యాభై విని, మోటరు రోగాలకు రైతులు వాడే మాటలన్నీ ఒక పట్టీ రాయించండి. నా అనుభవంలో ఏజెన్సీకి అప్పగించకూడని పని ఇదొక్కటే. మీ కౌంటర్ మనిషే చేయాలి.

మాట్లాడటానికి మాత్రం పూర్తి యాస వద్దంటాను. ఇందులో నాతో ఏకీభవించనివాళ్లు ఉంటారు, వాళ్ల వాదనలోనూ బలముంది. మన భాషలో మనతో మాట్లాడితే తప్పేంటని అడుగుతారు. తప్పు లేదు, మనిషి మాట్లాడితే. కానీ గొంతు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా వార్తల తెలుగు, పుస్తకాల తెలుగు చదివి నేర్చుకున్నవి. వాటితో ‘ఏమైందే, జెర చెప్పరాదు’ అనిపిస్తే అక్షరాలు మనవే ఉంటాయి గానీ రాగం వార్తలు చదివినట్టు ఉంటుంది. అది వెక్కిరింపులా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి సినిమాల్లో మన యాసను రౌడీకో హాస్యగాడికో ఇచ్చి నవ్వించిన తర్వాత, ఒక కంపెనీ యంత్రం అదే పని చేస్తే రైతుకు కోపం రావడం న్యాయమే.

నేను పాటించే పద్ధతి ఇది. పేరు మాటలు మనవి, క్రియలు అందరికీ తెలిసినవి. ‘నిలిపివేయండి’ అనకుండా ‘బంద్ చేయండి’, ‘ఉదయం’ బదులు ‘పొద్దున’, ‘బావి’ బదులు ‘బాయి’, ‘మరమ్మతు’ బదులు ‘రిపేరు’. క్రియ మాత్రం ‘చెప్పండి’, ‘వస్తారు’, ‘అయింది’ అన్నట్టు ఉంటుంది. ‘చెప్పుండ్రి’, ‘వస్తరు’ దాకా పోను. ‘చేసినాక’ లాంటివి రెండు పక్కలా సాఫీగా వినపడతాయి, వాటిని ఉంచుతాను. ఇంకొకటి, ‘సరేనండి’, ‘అవునండి’, ‘అలాగేనండి’ అని ప్రతి మాటకూ తోక తగిలించకండి. ‘చెప్పండి’లో ఉన్న మర్యాద చాలు. ఆ తోకలు ఎక్కువైతే దేవరకొండ రైతుకు బాట్ ఎక్కడో కోస్తా నుంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

పిలుపు సంగతి. బాట్ ఎవరినీ అన్న, కాక, పెద్దమ్మ అని పిలవకూడదు. గొంతు విని వయసు కనిపెట్టలేదు. నలభై ఏళ్ల ఆమెను పెద్దమ్మ అంటే ఆ కాల్ అక్కడితో చెడిపోతుంది. ‘మీరు’ ఒక్కటే అందరికీ. రైతు బాట్‌ను ‘నువ్వు’ అంటాడు, ‘ఏమే’ అంటాడు, కోపమొస్తే ఇంకా అంటాడు. బాట్ మాత్రం ‘మీరు’ దగ్గరే నిలబడాలి. మెకానిక్ గురించి చెప్పేటప్పుడు కూడా ‘వస్తాడు’ కాదు, ‘వస్తారు’. రైతుల ముందు మీ పనివాడికి మీరిచ్చే విలువ ఆ ఒక్క అక్షరంలో తెలుస్తుంది.

తెలుగులో ‘మనం’, ‘మేము’ రెండు ఉండటం బాట్ రాసేవాళ్లకు పెద్ద వరం. జాగ్రత్త లేకపోతే ఉచ్చు కూడా. పని కలిసి చేసేటప్పుడు ‘మనం’ బాగుంటుంది: ‘ముందు స్టార్టర్ లైటు వెలుగుతుందో లేదో చూద్దాం.’ తప్పు ఒప్పుకునేటప్పుడు ‘మేము’ అనాలి. నేను చూసిన ఒక చాట్‌లో మెకానిక్ రెండు రోజులు రాకపోతే బాట్ ‘మన దగ్గర మెకానిక్‌ల కొరత ఉంది’ అన్నది. రైతు తిరిగి పంపిన మెసేజ్ ఇది: ‘మన దగ్గర కాదు, మీ దగ్గర.’ చూడండి, కొరతలో రైతుకు వాటా పెట్టేశాం. అప్పటి నుంచి ఆలస్యం, తప్పు, డబ్బు, ఈ మూడింటి దగ్గర ‘మేము’ తప్ప ఇంకో మాట రాయొద్దని పేజీలో రాసి పెట్టాను.

ఆ చెడ్డ కబురు వాక్యం కూడా ఎట్లా ఉండాలో చెబుతాను. ‘ఈ రోజు మెకానిక్ రాలేరు. మా వాళ్లు ఇద్దరూ వేరే మండలంలో ఉన్నారు. రేపు పన్నెండు లోపు వస్తారు. పొద్దున ఎనిమిదికి మీకు ఫోన్ చేసి చెబుతారు.’ కబురు ముందు, కారణం తర్వాత, టైము చివర. చెప్పిన టైముకు ఫోన్ పోకపోతే మాత్రం బాట్ ఎంత బాగా మాట్లాడినా అబద్ధాలకోరే అవుతుంది. అది రాత పని కాదు, మీ పని.

పేరు గురించి. తెలుగులో ‘నేను చెబుతాను’ అంటే చెప్పేది ఆడో మగో తెలియదు. హిందీలో అట్లా కుదరదు, క్రియలోనే బయటపడుతుంది. ఈ సౌకర్యం ఉంది కాబట్టి బాట్‌కు ఆడపిల్ల పేరు పెట్టాల్సిన అవసరమే లేదు. ఇది సొంతంగా దెబ్బ తిని నేర్చుకున్నాను. మహబూబ్‌నగర్ వైపు ఒక విత్తనాల కంపెనీకి చేసిన మొదటి బాట్‌కు మేము ముద్దుగా ఆడపిల్ల పేరు పెట్టాం, గొంతు కూడా నవ్వుతున్నట్టు ఉండేది. ఒక పెద్దాయన చాలాసేపు విత్తనం మొలవని గోడు చెప్పుకుని, చివరికి ‘ఏ ఊరు బిడ్డా నీది?’ అని అడిగాడు. బాట్ ‘క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు’ అన్నది. ఆయన ఇంకోసారి అడిగాడు. అదే జవాబు. ఆ రికార్డింగు విన్న రోజు నాకు సిగ్గనిపించింది. ఆయన మనిషితో మాట్లాడుతున్నాననుకున్నాడు, అట్లా అనుకునేలా చేసింది మేమే.

కాబట్టి మొదటి మాటలోనే చెప్పేయండి: ‘నమస్తే. ఇది సర్వీసు సెంటర్ కంప్యూటర్ గొంతు. మోటరుకు ఏమైందో చెప్పండి. మనిషితో మాట్లాడాలంటే సున్నా నొక్కండి.’ ఇంతే. సర్వీసు సెంటర్ ముందు మీ కంపెనీ పేరు చేరిస్తే చాలు, వేరే పేరు అక్కర్లేదు. ‘మీకు నేను ఎలా సహాయపడగలను’ అన్నది ఇంగ్లిష్ పొట్టలో నుంచి వచ్చిన వాక్యం, మన కౌంటర్‌లో ఎవరూ అట్లా అడగరు. ఊరు అడిగితే ఏం చెప్పాలో కూడా ఒక లైను రాసి ఉంచండి: ‘నేను కంప్యూటర్ గొంతును, ఊరు లేదు. మా ఆఫీసు నల్లగొండలో ఉంది.’ అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఊరు అంటే గుర్తొచ్చింది, రైతును జిల్లా అడగకండి. 2016లో జిల్లాలు విడిపోయినా సూర్యాపేట రైతు నల్లగొండ అంటాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లు చాలామంది ఇప్పటికీ పాలమూరే అంటారు. మండలం అడిగితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

ఫోన్ బాట్‌కు మాటల కంటే చెవి ముఖ్యం. ‘ఆఁ’ అన్న ఒక్క శబ్దానికి మనకు మూడు అర్థాలు. అవును, చెప్పు వింటున్నా, ఇంకా గొంతు పైకి లేస్తే ‘ఏమన్నావ్?’ అని. మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ మూడింటినీ ఒకే ‘ఆ’గా రాస్తుంది. అందుకే ముఖ్యమైన చోట అవును, కాదు అనిపించే ప్రశ్న వేయకండి. ‘మెకానిక్‌ను పంపమంటారా?’ అంటే ‘ఆఁ’ వస్తుంది, అదేమిటో తెలియదు. ‘మెకానిక్ రేపు పొద్దున రావాలా, సాయంత్రం రావాలా?’ అంటే పొద్దున అనో సాయంత్రం అనో వస్తుంది, గందరగోళం ఉండదు. బాట్ మాట్లాడుతుండగా రైతు ‘ఆఁ’ అన్నంత మాత్రాన అది టక్కున ఆగిపోకూడదు. వేరే మాట ఏదైనా అన్నాడంటే వెంటనే ఆగాలి.

మౌనం కూడా చూసుకోండి. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపి ఇంకొకరు అందుకోవడానికి పట్టేది సగటున సెకనులో ఐదో వంతు. బాట్ రెండు సెకన్లు ఆగితే అవతల ‘హలో, హలో’ మొదలవుతుంది, ఆ హలోను కూడా బాట్ జవాబు అనుకుంటుంది, ఇక అంతా కలగాపులగమే. వెతకడానికి టైము పడితే ‘ఒక్క నిమిషం, చూస్తున్నా’ అనిపించండి. పని చెప్పిన తర్వాత మాత్రం కావాలనే ఆగాలి. గొంతు సాఫ్ట్‌వేర్‌కు అది ఇట్లా రాస్తారు:

```xml
<speak>
ముందు మోటరు బంద్ చేయండి.
<break time="700ms"/>
చేసినాక చెప్పండి, నేను లైన్‌లోనే ఉంటాను.
</speak>
```

అంకెలు అక్షరాల్లోనే రాయండి. మీరు 7.5 అని వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ‘ఏడు పాయింట్ ఐదు హెచ్‌పీ’ అని చదువుతుంది. మన దగ్గర ఎవరైనా ‘ఏడున్నర హెచ్‌పీ’ అంటారు. వినేటప్పుడు కూడా ‘ఏడున్నర’ అంటే 7.5 అని బాట్‌కు చెప్పి ఉంచాలి.

అర్థం కానప్పుడు ‘మళ్లీ చెప్పండి’ అని అడిగితే రైతు అదే మాట గట్టిగా చెబుతాడు, ఫలితం అదే. మొదటిసారి ప్రశ్నను చిన్నది చేయండి: ‘మోటరు తిరుగుతలేదా, తిరుగుతుంది గానీ నీళ్లు వస్తలేవా?’ (ఇక్కడ మాత్రం యాస క్రియ పెట్టాను. రైతు మాటనే తిరిగి అతనికి అప్పజెబుతున్నాం కాబట్టి అతకదన్న భయం లేదు.) రెండోసారీ అర్థం కాకపోతే మనిషికి కలిపేయాలి. మూడో ప్రయత్నం వద్దు. కలిపేటప్పుడు బాట్ అప్పటిదాకా విన్నది మీ మనిషికి తెర మీద కనిపించాలి. లేకపోతే ఆయన మొదటి నుంచి అడుగుతాడు, రైతు మొత్తం కథ మళ్లీ చెప్పాలి.

వాట్సాప్‌లో పెద్దగా మారేది లేదు, అదే కౌంటర్ మనిషి, ఇంకా పొట్టి వాక్యాలు. ఒక చిక్కు చెబుతాను. అక్కడ జవాబు బటన్లు మూడే పెట్టొచ్చు, ఒక్కో బటన్ మీద 20 క్యారెక్టర్లే పడతాయి. తెలుగులో గుణింతం గుర్తు, సున్నా, పొల్లు, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘ఫిర్యాదు నమోదు చేయండి’ కంటికి తొమ్మిది అక్షరాలే, లెక్కకు 21, పట్టదు. ‘మెకానిక్ కావాలి’ 15, హాయిగా పడుతుంది. చూస్తే ఆ లెక్క మనకు మేలే చేసింది, రైతు అనే మాట కూడా రెండోదే. ఇంకొకటి, రైతు చివరి మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే మీకు నచ్చిన వాక్యం పంపలేరు, ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ మాత్రమే పోతుంది. ‘మెకానిక్ రేపు వస్తారు’ లాంటి కబుర్లు తరచుగా ఆ గడువు దాటాకే పంపాల్సి వస్తుంది. కాబట్టి టెంప్లేట్లు కూడా ఇదే భాషలో ముందుగా రాసి ఆమోదం తీసుకోండి. చాలా కంపెనీల్లో చాట్ అంతా ఇంటి భాషలో ఉండి, టెంప్లేట్ దగ్గరికి వచ్చేసరికి కోర్టు నోటీసు అవుతుంది.

సొంతంగా వాక్యాలు అల్లే బాట్ అయితే దానికిచ్చే సూచనల్లో ‘స్నేహంగా ఉండు’ అని రాసి లాభం లేదు. జంట వాక్యాలు ఇవ్వండి, ‘ఇట్లా అనకు, ఇట్లా అను’ అని, ఒక పన్నెండు. పైన మోటరు గుంయ్‌మన్న కాల్ అందులో మొదటిది కావచ్చు. రెండు వారాలకోసారి అసలు కాల్స్ విని, పుస్తక భాషలోకి జారిన వాక్యాలు దొరికితే జంటలు మార్చండి. జారడం ఖాయం, ముఖ్యంగా క్షమాపణలు చెప్పేటప్పుడు.

ఏదీ కట్టకముందే ఒక పరీక్ష చేయండి, ఖర్చు లేదు. మీ మనిషి ఒకరు వెనక గదిలో కూర్చుని, ఫోన్ ఎత్తి, రాసుకున్న వాక్యాలు తప్ప ఒక్క ముక్క కూడా సొంతంగా మాట్లాడకుండా ఇరవై కాల్స్ తీసుకోవాలి. పరీక్ష అని రైతుకు ముందే చెప్పి, తర్వాత మామూలుగా మాట్లాడి పని చేసిపెట్టాలి. మీరు పక్కన కూర్చుని రెండే రెండు రాసుకోండి: రైతు ఎక్కడ అదే మాట రెండోసారి గట్టిగా చెప్పాడు, మీ మనిషికి ఎక్కడ కాగితం పక్కన పడేసి సొంత మాట చెప్పాలనిపించింది. మేము చేసినప్పుడు ఆ రెండోది ఎక్కువసార్లు ఒకే చోట పడింది, ‘వారంటీ అయిపోయింది’ అని చెప్పాల్సిన దగ్గర. మా వాక్యం ‘మీ ఉత్పత్తి వారంటీ కాలవ్యవధి ముగిసినది’ అని ఉండేది. ఆ అబ్బాయి నోరు తిరగక ఆగి, ‘బిల్లు మీద తేదీ చూస్తే వారంటీ పోయిన నెలే అయిపోయింది, రిపేరుకు పైసలు అవుతాయి. పంపమంటారా, వద్దా?’ అన్నాడు. బాట్‌లో ఆ వాక్యమే పెట్టాం, చివరి ప్రశ్న ఒక్కటి ‘మెకానిక్ రావాలా, వద్దా?’ అని మార్చి.